"10 వర్కింగ్ డేస్" అంటే అసలు ఏ తేదీ? ఫోన్‌లో గూగుల్ షీట్స్‌తో లెక్క వేసే పద్ధతి

ఫోన్ సర్వీస్‌కి ఇస్తే "10 వర్కింగ్ డేస్ పడుతుంది సర్" అంటారు. రీఫండ్ అడిగితే "7 బ్యాంక్ వర్కింగ్ డేస్" అని మెసేజ్ వస్తుంది. వినడానికి రెండూ క్లియర్‌గానే ఉంటాయి. కానీ క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చుంటే వరసగా డౌట్లు వస్తాయి. ఇచ్చిన రోజు లెక్కలోకి వస్తుందా? శనివారం వర్కింగ్ డే అవుతుందా? మధ్యలో పండగ వస్తే ఎలా? ఒక్కో ప్రశ్నకి సమాధానం మారే కొద్దీ చివరి తేదీ కూడా మారిపోతుంది. ఒక్కోసారి ఏకంగా వారం తేడా వస్తుంది.

ఈ ఆర్టికల్‌లో ఆ తేదీని కచ్చితంగా ఎలా లెక్క వేయాలో చూద్దాం. దాంతో పాటు ప్రతి నెల చివరి రోజు, చివరి వర్కింగ్ డే ఎలా తెలుసుకోవాలో కూడా చెప్తాను. కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు, ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉంటే చాలు. ఎక్సెల్ యాప్ వాడేవాళ్లకి కూడా ఇవే ఫార్ములాలు ఇదే పేరుతో పనిచేస్తాయి. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. తేదీల లెక్కలు కోడ్‌లో రాయడం నా రోజువారీ పనిలో భాగమే. అయినా సొంత పనులకి మాత్రం నేనూ షీట్స్‌నే వాడతాను, ఎందుకంటే సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర నిలబడి కూడా అర నిమిషంలో లెక్క తేల్చుకోవచ్చు.

ముందుగా: షీట్స్‌కి తేదీ అంటే ఒక నంబర్

ఇది అర్థమైతే మిగతాదంతా ఈజీ. సెల్‌లో మనకి 1 జనవరి 2026 అని కనిపించినా, లోపల షీట్స్ దాచుకునేది 46023 అనే నంబర్. 2 జనవరి అయితే 46024. అందుకే ఒక తేదీకి 5 కలిపితే ఐదు రోజుల తర్వాతి తేదీ వస్తుంది. ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే మధ్యలో ఎన్ని రోజులో వస్తుంది.

దీనివల్ల రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, ఫార్ములా కొట్టగానే తేదీకి బదులు 46045 లాంటి నంబర్ కనిపిస్తే కంగారు పడొద్దు. లెక్క కరెక్టే, చూపించే పద్ధతి మాత్రమే తేడా. ఆ సెల్ సెలెక్ట్ చేసి, పైన ఉన్న ఫార్మాట్ ఐకాన్ నొక్కి, నంబర్ ఫార్మాట్‌లో డేట్ ఎంచుకుంటే 23 జనవరి 2026 అని కనిపిస్తుంది.

రెండోది కాస్త ప్రమాదకరమైనది. మీరు 03/04/2026 అని టైప్ చేస్తే మన లెక్కలో అది ఏప్రిల్ 3. కానీ షీట్ సెట్టింగ్స్‌లో దేశం అమెరికా అని ఉంటే షీట్స్ దాన్ని మార్చి 4 అనుకుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు, లెక్క మాత్రం నెల తేడాతో వస్తుంది. అందుకే నేను తేదీని ఎప్పుడూ ఇలా రాస్తాను:

```
=DATE(2026,1,9)
```

ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. దీన్ని ఏ సెట్టింగ్ ఉన్నా 9 జనవరి 2026 అనే తీసుకుంటుంది. ఇంకో చిన్న గుర్తు: తేదీగా తీసుకున్నవి మామూలుగా సెల్‌లో కుడివైపు అతుక్కుని ఉంటాయి. ఎడమవైపు ఉంటే షీట్స్ దాన్ని మామూలు అక్షరాలుగా తీసుకుందని అనుమానించాలి.

కేస్: జనవరి 9న ఇచ్చిన ఫోన్

మా కజిన్ డిస్‌ప్లే మార్పించడానికి ఫోన్ సర్వీస్‌కి ఇచ్చాడు. తేదీ 9 జనవరి 2026, శుక్రవారం. జాబ్ షీట్ మీద "10 వర్కింగ్ డేస్" అని రాసిచ్చారు. పండగకి 14, 15 తేదీల్లో సెలవు అని సెంటర్ బోర్డు మీద ఉంది. 26 ఎలాగూ రిపబ్లిక్ డే. "మరి ఫోన్ ఎప్పుడు తెచ్చుకోవాలి?" అని నన్ను అడిగాడు.

షీట్‌లో `A2` సెల్‌లో 9 జనవరి వేశాం. `H2`, `H3`, `H4` సెల్స్‌లో మూడు సెలవులు (జనవరి 14, 15, 26) వేశాం. ఇప్పుడు ఒక తేదీ నుంచి ఇన్ని వర్కింగ్ డేస్ తర్వాత ఏ తేదీ వస్తుందో చెప్పే ఫార్ములా `WORKDAY`:

```
=WORKDAY(A2,10)
```

దీనికి వచ్చిన జవాబు 23 జనవరి, శుక్రవారం. ఇది శని, ఆదివారాలు వదిలేసి, ఇచ్చిన రోజుని లెక్కలోకి తీసుకోకుండా, మర్నాటి నుంచి లెక్కపెడుతుంది. వేళ్ల మీద చూసుకున్నా సరిపోతుంది: 12 నుంచి 16 వరకు ఐదు, 19 నుంచి 23 వరకు ఐదు. మొత్తం పది.

కానీ ఇందులో పండగ సెలవులు లేవు. వాటిని కలిపితే ఇలా:

```
=WORKDAY(A2,10,$H$2:$H$4)
```

ఇప్పుడు జవాబు 28 జనవరి, బుధవారం. 14, 15 పోయాయి కాబట్టి రెండు రోజులు ముందుకి జరిగింది. అలా జరగడంతో చివరి రోజులు శని, ఆదివారాలు దాటాయి, అక్కడ మళ్లీ 26 అడ్డొచ్చింది. సెలవులు మూడే అయినా తేదీ మాత్రం ఐదు రోజులు జరగడానికి కారణం ఇదే. సెలవులు మనసులో లెక్కేసి "మూడు కలుపుకుందాంలే" అనుకుంటే 26వ తేదీ అనుకుంటాం. ఆ రోజు వెళ్తే షట్టర్ మూసి ఉంటుంది.

అయితే ఆ సెంటర్ శనివారం కూడా తెరిచే ఉంటుంది. ఆదివారం ఒక్కటే సెలవు. అలాంటప్పుడు `WORKDAY` సరిపోదు, దాని అన్న లాంటి `WORKDAY.INTL` కావాలి:

```
=WORKDAY.INTL(A2,10,11,$H$2:$H$4)
```

ఇందులో 11 అంటే "ఆదివారం మాత్రమే వీకెండ్" అని అర్థం. శుక్రవారం ఒక్కటే సెలవైతే 16. శని, ఆది రెండూ అయితే 1. ఈ కోడ్ పెట్టాక వచ్చిన జవాబు 23 జనవరి. లెక్క చూసుకుందాం: 10, 12, 13, 16, 17 ఐదు, 19, 20, 21, 22, 23 ఐదు. సరిపోయింది.

అంటే ఒకే జాబ్ షీట్, ఒకే "10 వర్కింగ్ డేస్". శనివారం కలిపితే 23, కలపకపోతే 28. మామూలు రోజులే అనుకుంటే 19కే వెళ్లి నిలబడతాం. ఇందులో తప్పు లెక్క ఏదీ లేదు, రూల్స్ వేరు అంతే. అందుకే ఫోన్ ఇచ్చేటప్పుడే కౌంటర్‌లో రెండు మాటలు అడగాలి: "శనివారం లెక్కలోకి వస్తుందా? పండగ సెలవులు తీసేస్తారా?" ఆ రెండూ తెలిస్తే తేదీ మనమే చెప్పొచ్చు. ఆ తేదీని జాబ్ షీట్ మీద రాయించుకుంటే తర్వాత వాదన ఉండదు. మా వాడు అలాగే రాయించుకున్నాడు, 23 జనవరి అని.

ఇప్పటికి ఎన్ని రోజులు అయ్యాయి?

ఇది రెండో రకం ప్రశ్న. తేదీ దాటిపోయింది, ఫోన్ రాలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "ఇప్పటికి ఇన్ని వర్కింగ్ డేస్ అయ్యాయి" అని చెప్పాలి. రెండు తేదీల మధ్య వర్కింగ్ డేస్ లెక్కపెట్టే ఫార్ములా `NETWORKDAYS`. మా కేస్‌లో `B2` సెల్‌లో 23 జనవరి వేసి చూద్దాం:

```
=NETWORKDAYS(A2,B2)
```

జవాబు 11. అదేంటి, ఇందాక `WORKDAY` ప్రకారం 9వ తేదీ నుంచి పది రోజులకి 23 వచ్చింది కదా, మరి ఇప్పుడు పదకొండు ఎలా అయింది? ఈ రెండు ఫార్ములాల మధ్య ఉన్న అసలు తేడా ఇదే. `WORKDAY` మొదటి రోజుని వదిలేస్తుంది. `NETWORKDAYS` మొదటి రోజు, చివరి రోజు రెండిటినీ కలుపుకుంటుంది. శుక్రవారం నుంచి సోమవారం వరకు అని అడిగితే 2 అని చెప్తుంది, ఎందుకంటే శుక్రవారం ఒకటి, సోమవారం ఒకటి. మీరు పనిచేసిన రోజులు లెక్కపెట్టుకోవాలంటే ఇది కరెక్ట్. "ఇచ్చాక ఎన్ని రోజులు గడిచాయి" అని తెలుసుకోవాలంటే మాత్రం ఒకటి ఎక్కువ చూపిస్తుంది.

దీనికి చాలామంది చివర్లో `-1` పెట్టేస్తారు. శుక్రవారం ఇస్తే అది సరిగ్గానే పనిచేస్తుంది. కానీ ఫోన్‌ని 10 జనవరి, శనివారం ఇచ్చారనుకోండి. 12, సోమవారానికి లెక్క చూస్తే `NETWORKDAYS` జవాబు 1, ఎందుకంటే శనివారం ఎలాగూ లెక్కలో లేదు. అందులోంచి మళ్లీ ఒకటి తీసేస్తే సున్నా. నిజానికి సోమవారం అనే ఒక వర్కింగ్ డే గడిచింది. కాబట్టి జవాబులోంచి ఒకటి తీసేయడం కాదు, మొదలుపెట్టే తేదీనే ఒక రోజు ముందుకి జరపాలి:

```
=NETWORKDAYS(A2+1,B2,$H$2:$H$4)
```

ఇలా రాస్తే ఏ వారం ఇచ్చినా లెక్క తప్పదు. శనివారం కూడా పనిచేసే సెంటర్ అయితే మళ్లీ ఆ 11 కోడ్:

```
=NETWORKDAYS.INTL(A2+1,B2,11,$H$2:$H$4)
```

23 జనవరికి ఇది 10 అని చెప్తుంది, 24కి 11. అంటే 24, శనివారం నుంచి లేట్ మొదలైనట్టు. `B2` బదులు `TODAY()` అని రాస్తే ఏ రోజు తెరిచి చూసినా ఆ రోజు వరకు లెక్క తనే వేసుకుంటుంది.

ఆ `$` గుర్తుల సంగతి కూడా చెప్పాలి. నాలుగైదు రిపేర్లు, రీఫండ్లు ఒకే షీట్‌లో వరసగా పెట్టుకుని ఫార్ములాని కిందకి కాపీ చేస్తే, `$` లేని రేంజ్ కూడా కిందకి జరుగుతుంది. `H2:H4` అన్నది తర్వాతి వరసలో `H3:H5` అవుతుంది, మొదటి సెలవు లెక్కలోంచి జారిపోతుంది. ఎర్రర్ రాదు కాబట్టి కనిపెట్టడం కష్టం. `$H$2:$H$4` అని రాస్తే అది కదలదు.

బ్యాంక్ శనివారాలు: సగం సెలవు, సగం కాదు

రీఫండ్ విషయంలో ఇంకో మెలిక ఉంది. మన దేశంలో 2015 సెప్టెంబర్ 1 నుంచి బ్యాంకులకి రెండో, నాలుగో శనివారాలు సెలవు. మొదటి, మూడో, ఐదో శనివారాలు పూర్తి పని దినాలు. కాబట్టి శనివారాలన్నీ వదిలేసే `WORKDAY` ఇక్కడ తప్పు, ఒక్కటీ వదలని 11 కోడ్ కూడా తప్పే.

దీనికి దారి ఏంటంటే, వీకెండ్ ఆదివారం ఒక్కటే అని చెప్పి, రెండో, నాలుగో శనివారాల తేదీలని సెలవుల లిస్ట్‌లో వేసేయడం. ఏడాదికి 24 తేదీలు. క్యాలెండర్ చూసి టైప్ చేయక్కర్లేదు, `J2` సెల్‌లో ఇది రాసి `J13` వరకు కాపీ చేయండి:

```
=WORKDAY.INTL(EOMONTH(DATE(2026,1,1),ROW()-3),2,"1111101")
```

చూడటానికి భయంకరంగా ఉన్నా లోపల విషయం సింపుల్. చివర్లో ఉన్న ఏడు అంకెలు సోమవారం నుంచి ఆదివారం వరకు ఏడు రోజులు. 1 అంటే సెలవు, 0 అంటే పని. ఆరో అంకె ఒక్కటే 0, అంటే ఈ ఫార్ములాకి వారంలో శనివారం ఒక్కటే వర్కింగ్ డే. `EOMONTH` ముందు నెల చివరి తేదీ ఇస్తుంది. అక్కడి నుంచి "రెండో వర్కింగ్ డే" అడిగితే ఆ నెల రెండో శనివారం వచ్చేస్తుంది. `ROW()` అంటే ఆ సెల్ ఎన్నో వరసలో ఉందో ఆ నంబర్, దాని వల్ల కాపీ చేసిన కొద్దీ నెల ముందుకి వెళ్తుంది. జనవరికి 10 వస్తుంది, ఫిబ్రవరికి 14.

నాలుగో శనివారాల కోసం `J14` సెల్‌లో ఇది రాసి `J25` వరకు కాపీ చేయాలి:

```
=WORKDAY.INTL(EOMONTH(DATE(2026,1,1),ROW()-15),4,"1111101")
```

జనవరికి 24, ఫిబ్రవరికి 28 వస్తాయి. `J26` నుంచి కింద మీ రాష్ట్రానికి ఉన్న బ్యాంక్ పండగ సెలవులు టైప్ చేసుకోండి. ఇవి ఆంధ్ర, తెలంగాణలకి ఒకేలా ఉండవు, కాబట్టి మీ బ్రాంచ్‌కి వర్తించే లిస్టే చూడాలి. ఇక తేదీ లెక్క ఇలా:

```
=WORKDAY.INTL(A2,7,11,$J$2:$J$40)
```

జనవరి 9న రీఫండ్ మొదలైంది, సెలవుల లిస్ట్‌లో పండగలు 15, 26 మాత్రమే ఉన్నాయనుకుందాం. ఏడు బ్యాంక్ వర్కింగ్ డేస్ అంటే 12, 13, 14, 16, 17, 19, 20. జవాబు 20 జనవరి. ఇందులో 17 మూడో శనివారం, అందుకే లెక్కలోకి వచ్చింది. మామూలు `WORKDAY` అయితే 21 చెప్పేది.

అన్ని గడువులూ వర్కింగ్ డేస్ కావు

ఈ ఫార్ములాలు వాడే ముందు ఒక్కసారి రూల్ చదవాలి. ఎందుకంటే కొన్ని గడువులు మామూలు క్యాలెండర్ రోజుల్లోనే ఉంటాయి. మంచి ఉదాహరణ ఏటీఎం. డబ్బు రాకుండా అకౌంట్‌లో కట్ అయితే, 2019 సెప్టెంబర్ 20 నాటి ఆర్బీఐ సర్క్యులర్ ప్రకారం బ్యాంక్ T+5 రోజుల్లో తిరిగి వేయాలి. దాటితే రోజుకి ₹100 చొప్పున కస్టమర్‌కి ఇవ్వాలి. ఇక్కడ T అంటే లావాదేవీ జరిగిన క్యాలెండర్ తేదీ అని అందులోనే రాసి ఉంది.

జనవరి 9న అలా జరిగితే గడువు తేదీ `=A2+5`, అంటే 14 జనవరి. మధ్యలో శని, ఆది ఉన్నా సంబంధం లేదు. డబ్బు 20న వచ్చిందనుకోండి, ఆరు రోజులు లేట్, ₹600 రావాలి. అదే దీన్ని వర్కింగ్ డేస్ అనుకుని `WORKDAY` కొడితే గడువు 16 అని చూపిస్తుంది, ₹200 మనమే వదిలేసుకున్నట్టు. కాబట్టి మెసేజ్‌లో, రూల్‌లో "వర్కింగ్" అన్న మాట ఉందా లేదా అన్నది ముందు చూడాలి.

నెల చివరి రోజు: రీఛార్జ్‌తో చూద్దాం

ఇప్పుడు రెండో భాగం. నెల చివరి తేదీ 28, 29, 30, 31లో ఏదైనా కావచ్చు. ఇందాక చూసిన `EOMONTH` ఇందుకోసమే:

```
=EOMONTH(A2,0)
```

`A2` సెల్‌లో ఆ నెలలోని ఏ తేదీ ఉన్నా సరే, ఆ నెల చివరి రోజు వస్తుంది. 0 బదులు 1 వేస్తే వచ్చే నెల చివరి రోజు, -1 వేస్తే పోయిన నెల చివరి రోజు. లీప్ ఇయర్ సంగతి అదే చూసుకుంటుంది, 2028 ఫిబ్రవరికి 29 ఇస్తుంది. పన్నెండు నెలలూ ఒకేసారి కావాలంటే రెండో వరసలో ఇది రాసి పదమూడో వరస వరకు కాపీ చేయండి:

```
=EOMONTH(DATE(2026,1,1),ROW()-2)
```

దీని వాడకం రీఛార్జ్‌లో బాగా తెలుస్తుంది. 28 రోజుల ప్లాన్ వాడితే ఏడాదికి 13 సార్లు రీఛార్జ్ చేయాలి, ఎందుకంటే 13 × 28 = 364. దీని మీద కంప్లైంట్లు వచ్చాక 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఆర్డర్ ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి రెన్యూ అయ్యే ప్లాన్ కనీసం ఒకటి పెట్టాలని. మరి 31న రీఛార్జ్ చేస్తే ఫిబ్రవరిలో ఏం చేయాలి? ఆ తేదీ లేని నెలలో ఆ నెల చివరి రోజే రెన్యూవల్ తేదీ అని అందులోనే చెప్పారు.

షీట్స్‌లో నెలలు కలిపే `EDATE` ఫార్ములా కూడా సరిగ్గా ఇదే రూల్ పాటిస్తుంది. 31 జనవరికి ఒక నెల కలిపితే 28 ఫిబ్రవరి ఇస్తుంది. కానీ ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఆ 28 ఫిబ్రవరి ఉన్న సెల్‌కి మళ్లీ ఒక నెల కలిపితే 28 మార్చి వస్తుంది, 31 కాదు. ఆ తర్వాత ఏప్రిల్ 28, మే 28. అసలు తేదీ 31 అన్న సంగతి ఫిబ్రవరి దగ్గరే పోయింది. అందుకే పై సెల్‌కి కలుపుకుంటూ పోకుండా, ఎప్పుడూ మొదటి తేదీ నుంచే లెక్క వేయాలి. మొదటి తేదీ `A2`లో ఉంటే `A3` నుంచి ఇలా:

```
=EDATE($A$2,ROW()-2)
```

ఇప్పుడు 28 ఫిబ్రవరి, 31 మార్చి, 30 ఏప్రిల్, 31 మే అని సరిగ్గా వస్తాయి. ఈఎంఐ తేదీలు రాసుకునేవాళ్లకి కూడా ఇదే పద్ధతి.

నెల చివరి వర్కింగ్ డే

జీతం నెల చివరి వర్కింగ్ డేన పడే ఆఫీసులు చాలా ఉన్నాయి. ఆ తేదీకి ఇది ఫార్ములా:

```
=WORKDAY(EOMONTH(A2,0)+1,-1,$H$2:$H$20)
```

ముందు నెల చివరికి వెళ్లి, ఒక రోజు కలిపి వచ్చే నెల ఒకటో తేదీకి చేరి, అక్కడి నుంచి ఒక వర్కింగ్ డే వెనక్కి రావడం. ఆ `+1` అనవసరం అనిపించొచ్చు, కానీ అదే ముఖ్యం. 31 మార్చి 2026 మంగళవారం, పని దినమే. `+1` లేకుండా 31 నుంచి ఒకటి వెనక్కి వస్తే 30 చూపిస్తుంది. పోనీ వెనక్కి రాకుండా 0 వేద్దామంటే, `WORKDAY` వీకెండ్ అయినా సరే ఆ తేదీనే తిరిగి ఇచ్చేస్తుంది. ఒకటి ముందుకి వెళ్లి ఒకటి వెనక్కి వస్తే రెండు సందర్భాల్లోనూ కరెక్ట్‌గా వస్తుంది.

2026లో నెల చివరి రోజు శని, ఆదివారాల్లో పడేది నాలుగు నెలల్లో. శని, ఆది సెలవు ఉన్న ఆఫీసుకీ, బ్యాంకుకీ ఆ నెలల్లో చివరి పని దినం ఎలా మారుతుందో చూడండి, పండగ సెలవులు కలపకుండా:

- జనవరి 31, శనివారం: ఆఫీసుకి 30. బ్యాంకుకి 31, ఎందుకంటే అది ఐదో శనివారం.
- ఫిబ్రవరి 28, శనివారం: ఆఫీసుకి 27. బ్యాంకుకి కూడా 27, ఎందుకంటే అది నాలుగో శనివారం.
- మే 31, ఆదివారం: ఆఫీసుకి 29. బ్యాంకుకి 30, అది ఐదో శనివారం.
- అక్టోబర్ 31, శనివారం: ఆఫీసుకి 30. బ్యాంకుకి 31, మళ్లీ ఐదో శనివారమే.

బ్యాంక్ తేదీల కోసం ఇందాక తయారు చేసుకున్న `J` లిస్టే వాడాలి:

```
=WORKDAY.INTL(EOMONTH(A2,0)+1,-1,11,$J$2:$J$40)
```

నెలాఖరులోపు బ్రాంచ్‌కి వెళ్లి చేసుకోవాల్సిన పని ఉంటే ఈ లిస్ట్ ముందే చూసుకోవడం మంచిది. ఫిబ్రవరి 28న వెళ్దాంలే అనుకున్నవాళ్లకి నిజానికి గడువు 27 సాయంత్రంతోనే అయిపోతుంది.

షీట్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చెక్ చేసే పద్ధతి

అసలు తేదీలు వేసే ముందు, జవాబు తెలిసిన మూడు లెక్కలు వేసి చూడండి. 9 జనవరి నుంచి 12 జనవరి వరకు, అంటే శుక్రవారం నుంచి సోమవారం వరకు, సెలవులు పెట్టకుండా `NETWORKDAYS` 2 రావాలి. సెలవులు పెట్టి `WORKDAY` కొడితే 13 జనవరి తర్వాతి వర్కింగ్ డే 16 రావాలి. అది 14 అని వస్తే సెలవుల లిస్ట్ ఫార్ములాకి అందలేదని అర్థం. `#VALUE!` అని వస్తే లిస్ట్‌లో ఏదో తేదీ అక్షరాలుగా పడి ఉందని అనుమానించాలి. మూడోది, 2028 ఫిబ్రవరికి `EOMONTH` 29 రావాలి. మూడూ సరిపోతే తేదీలు, సెలవులు, నెల చివరలు మూడూ సరిగ్గా చదువుతున్నట్టే.

ఇక షీట్ చేయలేని పని ఒక్కటే: ఏ రోజులు సెలవు అన్నది మనమే చెప్పాలి. షీట్స్‌కి పండగలు తెలియవు. కొత్త ఏడాది రాగానే `H`, `J` కాలమ్స్‌లో కొత్త తేదీలు వేసి, ఫార్ములాలో 2026 ఉన్న చోట కొత్త సంవత్సరం మార్చుకోండి. మార్చకుండా వదిలేస్తే లెక్క ఆగదు, పండగ రోజుని కూడా పని దినంగా కలుపుకుని ఒక రోజు ముందు తేదీ చూపిస్తూనే ఉంటుంది.